ఆ ఆఖరి నాలుగు వాక్యాలు

మా సోషల్ టీచర్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున వార్డులో ఇంజక్షన్ల ట్రే సర్దుతుండగా ఫోన్ మోగింది. కొత్తగూడెం నుంచి టీచర్ చెల్లెలు. "అక్క పోయింది బిడ్డా. చాయ్ పెట్టి లేపితే లేవలే," అన్నారావిడ. తర్వాత ఆవిడే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. నేను నర్సును. చావు కబుర్లు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. నాకు చెప్పినప్పుడు మాత్రం ఎలా వినాలో తెలియలేదు.

ఇది చదివేవాళ్ళలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. భద్రాచలం అడవి అంచున, ఒక ట్రస్టు నడిపిన స్కూల్లో ఆమె పద్దెనిమిదేళ్ళు సోషల్ చెప్పారు. ఒకరోజు ఉన్నట్టుండి మానేశారు. ఎందుకు మానేశారని అడిగితే, స్కూలు నడిపే కరస్పాండెంట్ మీద ఒక పిల్లను స్టేజీ ఎక్కించి మాట్లాడించిందని అందరూ చెప్తారు. ఇన్నేళ్ళూ నేను విని ఊరుకున్నాను. ఆ పిల్లను నేనే.

టీచర్ సింగరేణి క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి బొగ్గు బాయిలో పనిచేశాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు మా స్కూలు. పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవారు. ఎండకూ వానకూ ఒకే నల్ల గొడుగు. టిఫిన్ డబ్బాలో తాను తినే రెండు రొట్టెలు కాక ఇంకో రెండు ఉండేవి. అవి ఎవరికో ఆమె చెప్పేవారు కాదు. హాస్టల్లో ఆ పూట అన్నం మీద అలిగినవాళ్ళకని మాకు తెలుసు. నేను కావాలనే అలిగిన రోజులున్నాయి.

ఎవరు ఏ మాట చెప్పినా ఆమె అడిగేది ఒకటే. "సాక్షి ఏది?" రాజు చెరువు తవ్వించాడని పుస్తకంలో ఉంటే, "ఎవరు చెప్పిండ్రు? సాక్షి ఏది?" మా ఫ్రెండు రబ్బరు దొంగతనం చేసిందంటే, "సాక్షి ఏది?" హోమ్‌వర్కు మేక తినేసిందని ఒకడు చెప్తే, మేకను తోలుకురమ్మన్నారు. వాడు నిజంగానే తోలుకొచ్చాడు. ఆమె దాన్ని కాసేపు చూసి, "ఇది మాట్లాడదు, వేరే సాక్షిని తే," అన్నారు. ఆమె అబద్ధం ఆడగా మాలో ఎవరమూ వినలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున కూడా రాని పిల్లలను రానట్టే రాసేవారు.

నేను కోయ పిల్లను. మా ఊరు స్కూలు వెనక వాగు దాటితే వస్తుంది. హాస్టల్లో నాది ఫ్రీ సీటు. ఇంట్లో మా భాష, స్కూల్లో తెలుగు. ఆ తెలుగు నా నోట్లో వంకర్లు పోతుంటే క్లాసంతా నవ్వేది. అందుకే పదో తరగతిలో, ట్రస్టు వార్షికోత్సవం అసెంబ్లీలో స్పీచ్ ఎవరిస్తారన్నప్పుడు నేను బెంచీ కింద పడిన పెన్ను వెతుక్కుంటున్నాను. పెన్ను ఏదీ పడలేదు. "కింద ఏమున్నదే? లే. నువ్వే చెప్తవ్," అన్నారు టీచర్.

విషయం కరస్పాండెంట్ సారే ఇచ్చాడు. తొలినాటి విశ్వవిద్యాలయాలకు, ఆస్పత్రులకు, గ్రంథాలయాలకు మతసంస్థల దానాలు ఎలా ఆధారమయ్యాయి అనేది. చివరకు తమ ట్రస్టు కూడా ఆ కోవలోదేనని నాలుగు మంచి మాటలు వస్తాయని ఆయన ఆశ. ఖమ్మం నుంచి పెద్దవాళ్ళు వస్తారు మరి. నేను మొదటి రోజే ఒక పేజీ రాసుకుపోయాను. "పూర్వం రాజులు దానధర్మాలు చేసి కీర్తి గడించిరి" అని మొదలైంది అది. టీచర్ చదివి మడిచి నా జేబులోనే పెట్టారు.

"దానం అంటే జేబుల చెయ్యి పెట్టి తీసిచ్చుడు కాదు బిడ్డా. అది ఇస్తరు, తింటరు, అయిపోతది. ఇది వేరే. ఆవును కట్టేసి పాలు పంచినట్టు. ఆవును అమ్మొద్దు, కొయ్యొద్దు. పాలు మటుకు రోజూ పోవాలె. ఇదొక్కటి అర్థమైతే నీ స్పీచ్ అయిపోయినట్టే."

తర్వాత నోట్‌బుక్కులో ఐదు ప్రశ్నలు రాయించారు. ఏమిచ్చారు? ఎందుకోసం ఇచ్చారు? ఎవరి చేతిలో పెట్టారు? సాక్షి ఎవరు? మాట తప్పితే ఏమవుతుంది? ప్రపంచంలో ఏ దేవుడి పేరు మీద ఏ దానపత్రం చూసినా ఈ ఐదింటికి జవాబుంటుందని, జవాబు లేనిచోట ఆస్తి ఎవడో ఒకడు మింగేసి ఉంటాడని ఆమె చెప్పారు. రెండు వారాలపాటు లైబ్రరీ పీరియడ్ మొత్తం ఇదే పని. మా లైబ్రరీ అంటే ఒక బీరువా. దాని తలుపు గట్టిగా తన్నితేగాని తెరుచుకోదు.

ఆమె చెప్పిన సంగతులు ఇప్పటికీ నాకు వరసగా గుర్తున్నాయి. నలందా బౌద్ధ విహారానికి రాజులు ఊళ్ళకు ఊళ్ళు రాసిచ్చారు. ఆ ఊళ్ళ నుంచి రోజూ బియ్యం, పాలు, వెన్న వచ్చేవి. అందుకే అక్కడి విద్యార్థులు తిండికోసం గిన్నె పట్టుకుని తిరగకుండా చదువుకోగలిగారు. కన్నడ దేశంలో ఒక గుడి బడిలో, పుస్తకాలు చూసుకునేవాళ్ళకు జీతం బదులు పొలం ఇచ్చారు. మొరాకోలో ఒక వర్తకుడి కూతురు తండ్రి ఆస్తితో మసీదు కట్టించింది. తరాల మీద అది పెద్ద విద్యాపీఠమైంది. తర్వాతి వాళ్ళు దానికోసం దుకాణాలు, ఇళ్ళు వక్ఫ్ చేశారు. వాటి కిరాయితో పంతుళ్ళకు జీతాలు, పుస్తకాలకు గది. దుకాణం దేవుడిది, కిరాయి చదువుది, చూసుకునే ముతవల్లి కాపలాదారు మాత్రమే. కైరోలో ఒక దవాఖానాకు కూడా అంతే. బజారులో కొట్లు, స్నానశాలల మీద వచ్చే కిరాయి దానికి. బీదా గొప్పా ఆడా మగా ఎవరినీ వెనక్కి పంపకూడదని పత్రంలోనే రాసి ఉంది.

విలాయతులో పొలాలూ పిండి మరలూ కాలేజీలకు రాసిచ్చి, ప్రతిఫలంగా తమ ఆత్మ కోసం ప్రార్థన చేయమని అడిగేవారట. అక్కడి లైబ్రరీలో పుస్తకాలకు గొలుసులు వేసేవారంటే నేను పడీ పడీ నవ్వాను. "నవ్వకు. మన బీరువాకు తలుపే రాదు," అన్నారు టీచర్.

నాకు అన్నిటికంటే నచ్చింది తమిళ దేశంలో ఒక గుడి గోడ మీది శాసనం. ఆ గుడి ఆదాయంతో అక్కడే ఒక ఆస్పత్రి నడిచింది. పడకలెన్నో రాశారు. ఏ మందులు నిలవ ఉండాలో పేర్లతో రాశారు. వైద్యుడికెంత, కోత వైద్యం చేసేవాడికెంత, మూలికలూ కట్టెలూ తెచ్చేవాళ్ళకెంత, రోగులకు మందులు పట్టే ఆడవాళ్ళకెంత అని రాశారు. రాత్రంతా వెలిగే ఒక దీపానికి నూనె కూడా మర్చిపోలేదు. "ఆ ఆడోళ్ళు నర్సులా టీచర్?" అని అడిగాను. "అవ్. రాతి మీద రాసిన నర్సులు," అన్నారు. నేను నర్సునవ్వాలని అనుకున్నది ఆ పీరియడ్‌లోనే. ఇంటర్వ్యూల్లో సేవాభావమని చెప్పాను గానీ, అసలు కారణం ఆ గోడ.

కాకతీయుల కాలం నాటి కథ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. కృష్ణ ఒడ్డున ఒక శైవ గురువుకు రాణి ఒక ఊరు ఇచ్చింది. ఆదాయాన్ని మూడు వాటాలు చేశారు. మఠానికొకటి, చదువుకునేవాళ్ళ భోజనానికొకటి, ప్రసూతిశాల, వైద్యశాల, సత్రం మూడింటికీ కలిపి ఒకటి. సత్రంలో ఏ కులం వాళ్ళు వచ్చినా అన్నం పెట్టాలని కూడా ఉంది. "చూసినవా, కాన్పుల దవాఖానా!" అని టీచర్ మురిసిపోతుంటే నేను అడిగాను. "ఊరు ఇచ్చిండ్రంటే, ఆ ఊర్ల ఉన్నోళ్ళను అడిగిండ్రా టీచర్? దున్నేటోళ్ళ పిల్లలు ఆ బడిల చదివిండ్రా?"

ఆమె పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివారు. "అన్నం పెట్టినట్టు సాక్షి ఉన్నది. చదువు చెప్పినట్టు లేదు," అన్నారు చివరికి. "ఇది కూడ రాయి. మంచి పని వెనక ఎవరి చెమట ఉన్నదో రాయకపోతే అది సగం స్పీచే." వేరే టీచరైతే నోర్మూసుకో అనేవారు. ఆమె నాకు కృతజ్ఞత చెప్పినట్టు తల ఊపారు. అడవి పిల్ల ప్రశ్న కూడా ప్రశ్నేనని నాకు మొదట చెప్పిన మనిషి ఆమె.

ఆ రోజే ఇంకో మాట అడిగారు. "మీ ఊర్ల ఎవరన్న గిట్ల ఏమన్న ఇచ్చిండ్రా?" నేను నవ్వాను. ఇవ్వడానికి మా దగ్గరేముంది అన్నాను. అన్నాక మామిడి తోట గుర్తొచ్చింది.

స్కూలు పక్కన ట్రస్టు దవాఖానా ఉండేది. రెండు మంచాలు, ఒక నర్సమ్మ. చుట్టుపక్కల అడవి ఊళ్ళన్నిటికీ అదే దిక్కు. దాని వెనక మామిడి తోట. ఏటా కాపు గుత్తకిచ్చి, ఆ డబ్బుతో మందులు కొని నర్సమ్మకు జీతమిచ్చేవారు. ఆ తోట ఇచ్చింది మా తాత. మా నాయన చిన్నప్పుడు అడవి జ్వరంతో పోవాల్సినవాడు ఆ దవాఖానాలో బతికాడు. ఇదంతా మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. అందరికీ తెలిసింది కాబట్టి ఎక్కడా కాగితం మీద లేదు. మా వాళ్ళలో మాటిస్తే పెద్దలను పిలుస్తారు, కలిసి తింటారు, అంతే. కాగితం అడిగితే మాట మీద నమ్మకం లేదనుకుని నొచ్చుకుంటారు.

టీచర్ ఆ ఆదివారం చర్చి అయ్యాక అదే గొడుగుతో వాగు దాటి మా ఊరొచ్చారు. తాత మంచం వాల్చాడు. ఆమె ఒళ్ళో నోట్‌బుక్కు పెట్టుకుని ఆ ఐదు ప్రశ్నలూ ఒక్కొక్కటే అడిగారు.

"ఏమిచ్చినవ్ తాతా?"

"కాయ ఇచ్చిన. నేల ఇయ్యలే. నేల మా పెద్దలది, నేనెట్లిస్త?"

"ఎందుకిచ్చినవ్?"

"రోగమొచ్చినోళ్ళకు. చెట్లు కాసినన్ని దినాలు."

"ఎవరి చేతుల పెట్టినవ్?"

"దవాఖానాల. చూసుకోమన్న. అమ్ముకోమన్ననా?"

"సాక్షి?"

తాత ఇద్దరు ముసలివాళ్ళను కేకేశాడు. వాళ్ళిద్దరూ ఆనాడు అక్కడ తిన్నవాళ్ళే. ఏ చెట్టు కింద కూర్చున్నారో కూడా చెప్పారు.

"మరి మాట తప్పితే ఏమైతది?"

పాత శాసనాల చివర మాట తప్పినవాడు పురుగై పుడతాడని, వేల ఏళ్ళు నరకంలో ఉంటాడని శాపాలుంటాయి. తాత అంత దూరం పోలేదు. మా వాళ్ళు మామిడి పండుగ చేయకుండా కొత్త కాయ కొయ్యరు. పండుగ రోజు ఊరంతా కలిసి మొదటి కాయ తింటారు. "తప్పినోన్ని పండుగకు పిలువం," అన్నాడు తాత. అంతకన్నా పెద్ద శిక్ష ఆయనకు తెలియదు. టీచర్ అది కూడా అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. కార్బన్ పెట్టి రెండు కాపీలు చేసి, ముగ్గురి వేలిముద్రలు తీసుకున్నారు. ఒకటి తాతకిచ్చారు. "రాణి రాయి మీద రాయించింది, నువ్వు కాగితం మీద రాయించినవ్. రెండు ఒకటే," అన్నారు.

తిరిగి వెళ్తుంటే నాకు గట్టిగా చెప్పారు. "ఈ తోట సంగతి స్పీచ్‌ల పెట్టకు. తోట మీద ఏదో నడుస్తున్నట్టు విన్న. రేపు సెలవు. పై సోమవారం అర్జీలు తీసుకునే నాడు ఈ కాగితం గిరిజన ఆఫీసుల ఇచ్చొస్త. ముందు అది కానీ." మాది ఏజెన్సీ ప్రాంతం. గిరిజనుల భూమి వేరేవాళ్ళ చేతికి పోవడం చట్టం ఒప్పుకోదు. కానీ ఆఫీసుకు ఎవరో ఒకరు పోయి చెప్తేనే కదా చట్టం కళ్ళు తెరిచేది. నేను సరేనన్నాను.

వార్షికోత్సవం ఆ వారం చివర, శనివారం. శుక్రవారం సాయంత్రం హాస్టల్ బట్టలు ఆరేస్తుంటే తోటలో చెట్ల మొదళ్ళ మీద ఎర్ర రంగు గీతలు కనిపించాయి. దగ్గరికి పోయి చూశాను. చెట్లు పూత మీదున్నాయి. కరస్పాండెంట్ సారు చెట్లు కొట్టించి, రోడ్డు వైపు దుకాణాలు కట్టేవాళ్ళకు ఆ జాగా ఇస్తున్నాడని, ఇంకో వారంలో మొదలుపెడతారని నర్సమ్మ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం దాకా ఆగమన్న మాట గుర్తుంది. గుర్తుండే ఆగలేదు, ఇది దాచను. స్టడీ అవర్‌లో పెన్ను రాయడం మానేస్తే పెన్సిల్‌తో స్పీచ్ చివర నాలుగు వాక్యాలు చేర్చాను.

అసెంబ్లీ బాగానే మొదలైంది. ప్రార్థన, ప్రతిజ్ఞ, ఆ తర్వాత నేను. నలందా వచ్చింది, కైరో వచ్చింది, పుస్తకాల గొలుసులకు పిల్లలు నవ్వారు. ఊళ్ళిచ్చిన రాజులు ఊళ్ళోవాళ్ళను అడిగారా అన్నచోట ఒక పెద్దమనిషి కుర్చీలో సర్దుకున్నాడు. కరస్పాండెంట్ సారు చిరునవ్వుతోనే ఉన్నాడు. టీచర్ మొదటి వరస పిల్లల పక్కన నిలబడి, పెదవులు కదుపుతూ నాతోపాటే చదువుతున్నారు. నేను చివరి పేజీ తిప్పాను. ఆమె పెదవులు ఆగిపోయాయి.

"మన దవాఖానా వెనక మామిడి తోట కూడా ఇట్లాంటి దానమే. మా తాత కాయ ఇచ్చాడు, నేల ఇవ్వలేదు. చూసుకోమన్నవాళ్ళకు అమ్మే హక్కు లేదు. పూత మీదున్న చెట్లకు ఎర్ర గీతలు ఎవరు గీయించారో పెద్దలు చెప్పాలి."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక పిల్లలు అటూ ఇటూ చూశారు. నేను కాగితం స్టాండు మీదే వదిలేసి దిగిపోయాను. ఆ క్షణంలో నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆఫీసు రూములోకి ఇద్దరినీ పిలిచారు. కరస్పాండెంట్ సారు అరవలేదు. అరిస్తే నాకు సులువయ్యేది. "ఆ చివరి మాటలు ఎవరు రాసిండ్రు?" అని మెల్లగా అడిగాడు. నన్నే చూస్తూ అడిగాడు. నేను నా కాలి బొటనవేలు చూసుకుంటున్నాను. చెప్తే ఫ్రీ సీటు పోతుంది, రెండు నెలల్లో పబ్లిక్ పరీక్ష. ఈ లెక్క నేను ఆ గదిలో నిలబడే వేసుకున్నాను.

"నేనే రాసిన," అన్నారు టీచర్.

"పిల్లకు తెలుసా?"

"ఆమె రాసిచ్చింది చదివింది, గంతే. పదో క్లాసు పిల్లకు ఇవన్నీ ఏం తెలుస్తయ్ సార్?"

"ఆ కాగితం ఏది? చూపించండి."

"నా దగ్గర లేదు."

సాక్షి ఏదని జీవితమంతా అడిగిన మనిషి, సాక్ష్యం లేదని చెప్పారు. నేను తలెత్తలేదు. ఆయన రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె సరే సార్ అని, సాయంత్రం దాకా క్లాసులు మొత్తం చెప్పి వెళ్ళారు. తొమ్మిదో తరగతికి సగంలో ఉన్న పాఠం కూడా పూర్తి చేశారు.

నేను చేసింది అక్కడితో పోలేదు. వారం తర్వాత మొదలుపెడదామనుకున్నవాళ్ళు, సంగతి బయటపడిందని ఆ మధ్యాహ్నమే రంపం మిషన్లు తెచ్చారు. వాగు అవతలికి చప్పుడు వినిపించి మా ఊరి ఆడవాళ్ళు, మగవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెట్లను పట్టుకుని నిలబడేసరికి రోడ్డు వైపు చెట్లు సగం పడిపోయాయి. పూత నేల మీద పరిచినట్టుంది. టీచర్ బస్సు దిగి నేరుగా ఆఫీసుకు పోయి, అది మూసి ఉంటే అధికారి ఇంటిదాకా పోయి, ఆ కార్బన్ కాగితం చూపించారట. మర్నాడు పొద్దున వాళ్ళొచ్చి పని ఆపించారు. నేను నోరు మూసుకుని సోమవారం దాకా ఆగి ఉంటే ఒక్క చెట్టు కూడా పోయేది కాదేమో. ఈ 'ఏమో'తోనే ఇంతకాలం బతికాను.

ఆ రోజు సాయంత్రం బస్టాపులో ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. "నేనే రాసిన అని చెప్తా టీచర్, ఇప్పుడే పోయి చెప్తా," అన్నాను. ఆమె డబ్బా తెరిచి రొట్టె చేతిలో పెట్టారు.

"చెప్తే నాకు నౌకరి వస్తదా? రాదు. నీ సీటు మటుకు పోతది. పరీక్ష రాయి."

"నేను తప్పు చేసిన టీచర్."

"జల్దీ పడ్డవ్. అబద్ధం చెప్పలే. రెండు వేరే వేరే," అన్నారు. బస్సొచ్చింది. గొడుగు ముందు ఎక్కింది, తర్వాత ఆమె.

ఆ తర్వాత ఆమె ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుని బతికారు. దవాఖానా కూడా ఎక్కువ కాలం నిలవలేదు. నర్సమ్మ వెళ్ళిపోయాక ఇంకొకరిని పెట్టలేదు. మిగిలిన చెట్ల కాపు ఏం చెయ్యాలో తెలియక తాత కాగితం పట్టుకుని కొత్తగూడెం పోయి టీచర్‌నే అడిగాడు. "దవాఖానా పోయింది గని రోగులు పోలే గద తాతా. ఏ పనికిచ్చినవో దానికి దగ్గర పని చూడు," అన్నారట ఆమె. పాత దానాల్లో కూడా అనుకున్న పని సాగకపోతే దానికి దగ్గరి పనికే ఆదాయం మళ్ళిస్తారని ఆయనకు వివరించారట. అప్పటినుంచి ఆ కాపుతో కాన్పు కష్టమైన ఆడవాళ్ళను, పాము కరిచినవాళ్ళను పెద్ద దవాఖానాకు తీసుకుపోయే ఆటో కిరాయి కడుతున్నారు. తాత పోయాక కూడా నడుస్తోంది. మా వార్డుకు ఆ ఆటోలో దిగినవాళ్ళను ఎందరినో నేనే మంచం ఎక్కించాను. వాళ్ళకు ఆ ఆటో వెనక ఎవరున్నారో తెలియదు.

నేను టీచర్ దగ్గరికి ఎక్కువ పోలేదు. సిగ్గు. పోయినా తప్పించుకుని మాట్లాడేదాన్ని. కిందటేడు బీపీ చూపించుకోవడానికి మా ఆస్పత్రికి వచ్చారు. "నీ వార్డుల పడకలెన్ని?" అని అడిగారు. చెప్పాను. "మందులున్నయా?" కొన్ని లేవని చెప్పాను. "తమిళ గుడిల గోడ మీద రాసిపెట్టిండ్రు. మీరు బోర్డు మీద రాసిపెట్టుండ్రి, ఏవి లేవో," అన్నారు. నేను ఆ పాత సంగతి ఎత్తబోయాను. "గదిల గాలి ఆడతలేదే, కిటికీ తియ్యి," అన్నారు. కిటికీ తీసి వచ్చేసరికి మందుల చీటీ పట్టుకుని, పోవడానికి నిలబడి ఉన్నారు.

సమాధి కార్యక్రమం తర్వాత చర్చిలో ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చన్నారు. నేను లేచాను. పాత విద్యార్థులు, పాత సిబ్బంది చాలామంది ఉన్నారు. కాస్త ముక్కుసూటిగా పోయి నౌకరి పోగొట్టుకుంది గాని మంచి మనిషి, అని నాకంటే ముందు మాట్లాడినాయన అన్నాడు. నాకు సరిగ్గా సమయం దొరికింది. నేను టీచర్ రొట్టెల గురించి చెప్పాను, మేక గురించి చెప్పాను, అందరూ కన్నీళ్ళతో నవ్వారు. కూర్చున్నాను. ముప్పై దాటిన మనిషిని, ఉద్యోగముంది, ఎవరూ నా సీటు తీసేయరు. అయినా ఆ నాలుగు వాక్యాలు నావని చెప్పడానికి నోరు రాలేదు.

బయటికొస్తుంటే టీచర్ చెల్లెలు ఒక అట్ట ఫైలు చేతిలో పెట్టారు. మీద నా పేరుంది. "నీకియ్యుమని ఎన్నడో చెప్పింది. నేనే మర్చిపోయిన," అన్నారు.

ఇంటికొచ్చి తెరిచాను. తాత వేలిముద్ర ఉన్న కార్బన్ కాగితం ఉంది. దాని కింద గీతల కాగితాలు మూడు, నా నోట్‌బుక్కువి. స్టాండు మీద నేను వదిలేసినది, తన దగ్గర లేదని ఆమె చెప్పిన స్పీచ్. ఆ పూట కరస్పాండెంట్ ముందు నిలబడినప్పుడు అది ఆమె సంచిలోనే ఉండి ఉంటుంది. చూపించి ఉంటే చాలు, పెన్సిల్ రాత ఎవరిదో ఆయనకు క్షణంలో తెలిసేది, ఆమె నౌకరి నిలిచేది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ నాలుగు వాక్యాలు నావి. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ చెప్పమనలేదు. చెప్పొద్దన్న మనిషి మాట కాదని చెప్పాను. ఆమె వాటిని తన మీద వేసుకున్నారు, నేను వేసుకోనిచ్చాను. ఇన్నేళ్ళుగా ఆమె గురించి తప్పుగా అనుకున్నవాళ్ళు ఇకనైనా దిద్దుకోవాలి.

ఆఖరి పేజీ ఇప్పుడు నా ముందుంది. పెన్సిల్ చెరిగిపోతుందనుకున్నారో, ఎప్పుడైనా ఎవరి చేతికైనా చిక్కితే తన రాతలా కనబడాలనుకున్నారో నాకు తెలియదు. ఆ నాలుగు వాక్యాల మీద ఆమె తన నీలి సిరాతో ఒక్కో అక్షరం దిద్దారు. నా అక్షరాల వంకర కూడా మార్చలేదు, ఎటు వంగితే అటే పోయారు. కాగితం కిటికీ వైపు వాల్చితే, సిరా సరిగ్గా కప్పని మలుపుల దగ్గర నా పెన్సిల్ ఇంకా సన్నగా మెరుస్తోంది.